శుక్లం ఆపరేషన్‌కు ముందు రోగికి చూపే వీడియో

శుక్లం ఆపరేషన్ అంటే కంటిలో మసకబారిపోయిన సహజమైన లెన్సును తీసేసి, ఆ చోట కృత్రిమ లెన్సును అమర్చడం. బల్లమీద జరిగే పని చాలామందికి పావుగంట నుంచి అరగంటలోపు ముగుస్తుంది. ఉదయం వచ్చిన రోగి సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. డాక్టర్ల లెక్కలో ఇది చిన్న ఆపరేషన్. అయితే దీన్ని చాలావరకు మత్తిచ్చి నిద్రపుచ్చి చేయరు. కంటికి మాత్రమే తిమ్మిరి ఎక్కించి, మనిషి మెలకువగా ఉండగానే చేస్తారు. అంచేత ఆ కొద్దిసేపూ రోగి కదలకుండా, బిగుసుకుపోకుండా పడుకోవాలి. హఠాత్తుగా ఒక్కసారి దగ్గినా, ఉలిక్కిపడి తల తిప్పినా సూక్ష్మదర్శిని కింద పనిచేస్తున్న సర్జన్‌కు ఇబ్బందే. రోగిని ముందుగా సిద్ధం చేయడం ఇక్కడ మర్యాదకో సంతృప్తికో చేసే పని కాదు, ఆపరేషన్‌లో ఒక భాగం. అందుకే చాలా కంటి ఆస్పత్రులు ఐదారు నిమిషాల వీడియో ఒకటి తయారుచేసి చూపిస్తుంటాయి. ఆ వీడియో బాగుండటం, బాగుండకపోవడం కెమెరా కన్నా దాని స్క్రిప్టు మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

స్క్రిప్టు రాసేవారు మొట్టమొదట గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి, తరచూ మరిచిపోయే సంగతి కూడా ఒకటుంది. ఈ వీడియో చూసే మనిషికి చూపు సరిగా ఆనదు. తెరమీద అక్షరాలు వేసి, బాణం గుర్తులు తిప్పి, వెనకాల సంగీతం పెట్టి వదిలేస్తే ఆ వీడియో రోగికోసం తయారైనట్టు కాదు. ప్రతి విషయం చెవికి అందాలి. స్క్రిప్టు పూర్తయ్యాక కళ్లు మూసుకుని విని చూస్తే లోపాలు ఇట్టే బయటపడతాయి. “ఇక్కడ చూపిస్తున్నట్టు ఈ మందును ఇలా వేసుకోండి” అనే వాక్యం చెవికి ఏమీ చెప్పదు. “కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగండి, అక్కడ ఏర్పడే గుంటలో ఒక్క చుక్క వేయండి” అంటే బొమ్మ లేకపోయినా తెలుస్తుంది. అరవై దాటినవాళ్లే ఎక్కువ గనుక చాలామందికి వినికిడి కూడా తగ్గి ఉంటుంది. గొంతు నిదానంగా సాగాలి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీ ఉండాలి. నేపథ్య సంగీతం మానేయడమే మేలు.

వీడియో ఎప్పుడు చూపాలన్నదీ ముఖ్యమే. ఆపరేషన్ రోజు పొద్దున్న వెయిటింగ్ హాల్లో టీవీలో వేస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. మాత్రల సంగతి, దగ్గు సంగతి, ఇంట్లో తోడెవరన్న సంగతి అంతకు ముందే తేలాలి కదా. కాబట్టి తేదీ ఖాయం చేసిన రోజునే, రోగితోపాటు ఇంట్లో మందులు చూసుకునే మనిషిని కూడా కూర్చోబెట్టి చూపాలి. ఆ తర్వాత అదే వీడియోను వాళ్ల ఫోన్‌కు పంపితే ఇంటి దగ్గర మళ్లీ వింటారు.

మొదటి నిమిషంలో అసలు ఏం చేయబోతున్నారో చెప్పాలి. చాలామంది దీన్ని కంటి మీద పెరిగిన పొరను గీకి తీసేయడం అనుకుంటారు. శుక్లం కంటి పైన ఉండదు, లోపల కంటిపాప వెనకాల ఉంటుంది. వయసుతో పాటు ఆ లెన్సు మసకబారడమే శుక్లం. దాన్ని కరిగించే చుక్కల మందు ఇప్పటివరకూ లేదు. “లేజర్‌తో చేస్తారు” అన్న మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. నిజానికి ఎక్కువగా చేసే ఫేకో పద్ధతిలో మసక లెన్సును ముక్కలు చేసేది లేజర్ కాదు, అల్ట్రాసౌండ్ తరంగాలతో కదిలే సన్నని మొన. దానికి కంటి అంచున మూడు మిల్లీమీటర్లకు లోపు కోత చాలు. శుక్లం బాగా గట్టిపడితే కాస్త పెద్ద కోతతో లెన్సును మొత్తంగా బయటికి తీసే పద్ధతి ఉంది. దానిలోనూ మామూలుగా కుట్లు పడవు. “ఇంకా పండలేదు, పండనీ” అని ఏళ్ల తరబడి ఆగడం పాతకాలపు పద్ధతి. ఇప్పుడు రోజువారీ పనులకు చూపు అడ్డొస్తే అదే సమయం. మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది, ఒక్కోసారి కంటిలో ఒత్తిడి పెరిగి నొప్పీ వస్తుంది. ఈ నాలుగు ముక్కలూ స్క్రిప్టులో సూటిగా వస్తే చాలు, కంటి నిర్మాణం మీద పాఠం అక్కర్లేదు.

ఇక ధైర్యం చెప్పే మాట. “ఏమీ భయపడకండి, నొప్పే ఉండదు” అనేది ప్రతి స్క్రిప్టులోనూ కనిపించే వాక్యం. అది మంచి ఉద్దేశంతో రాసిందే అయినా పనిచేయదు. కంటి పక్కన సూది గుచ్చుకున్న క్షణంలో ఆ మాట అబద్ధమైపోతుంది. అక్కడి నుంచి డాక్టర్ ఏం చెప్పినా రోగి నమ్మడు, ఒళ్లంతా బిగబట్టుకుని పడుకుంటాడు. దాని బదులు ఏం జరుగుతుందో, ఎంతసేపు ఉంటుందో, అప్పుడు తాను ఏం చేయాలో చెబితే మనసు కుదుటపడుతుంది. “కంటి పక్కన చిన్న ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని సెకన్లు చురుక్కుమంటుంది, లోపల నొక్కినట్టుంటుంది. మెల్లగా ఊపిరి తీసుకుంటూ ఉండండి. కాసేపటికి కన్ను తిమ్మిరెక్కిపోతుంది.” నాలుగు చిన్న వాక్యాలు. ఇందులో భయం అనే మాట లేదు, భయపడకండి అనే మాటా లేదు. సూది గుచ్చుకున్నప్పుడు “ఆ, ముందే చెప్పారు” అనిపిస్తే ఆ రోగి తర్వాతి పావుగంటంతా నిశ్చింతగా పడుకోగలడు. అందరికీ ఇంజెక్షన్ అవసరం ఉండదు, కొందరికి చుక్కల మందుతోనే తిమ్మిరి వస్తుంది. ఏది ఎవరికన్నది డాక్టర్ నిర్ణయం గనుక ఆస్పత్రి ఏ పద్ధతి ఎక్కువగా వాడుతుందో దాన్నే స్క్రిప్టు వివరించాలి. రెండింటినీ కలిపి గజిబిజి చేయకూడదు.

ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల్లో కంటి కొలత ప్రధానమైంది. కనుగుడ్డు పొడవును, ముందుభాగం వంపును కొలిచి, లోపల పెట్టబోయే లెన్సు పవర్‌ను లెక్కగడతారు. పొడవు కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే కళ్లజోడు పవర్ దాదాపు రెండున్నర, మూడు పాయింట్లు తప్పుతుంది. అందుకే “చెప్పిన చుక్కనే చూస్తూ ఉండండి” అని అంతగా అంటారు. ఇంకో పరీక్ష రోగికి వింతగా తోస్తుంది. ముక్కు పక్కన, కంటి మూలలో ఉండే కన్నీటి రంధ్రంలోకి మొద్దుమొన సూదితో కొంచెం ఉప్పునీళ్లు పంపిస్తారు. అవి గొంతులోకి దిగి నాలుకకు ఉప్పగా తగిలితే దారి తెరిచే ఉన్నట్టు. నీళ్లు వెనక్కి పొంగినా, వాటితో చీము వచ్చినా ఆ సంచిలో సూక్ష్మక్రిములు తిష్ఠ వేసుకుని ఉండొచ్చని అర్థం. అలాంటి కంటికి అప్పుడే శుక్లం ఆపరేషన్ చేస్తే ఆ క్రిములు లోపలికి పోయే ప్రమాదం ఉంది, కాబట్టి ముందు దానికి వైద్యం చేస్తారు. స్క్రిప్టులో ఇది చెప్పకపోతే “కంటికి ఆపరేషన్ అన్నారు, గొంతులోకి నీళ్లెందుకు పోశారో” అని రోగి కలవరపడతాడు. “గొంతులో ఉప్పగా అనిపిస్తే వెంటనే చెప్పండి, అది మంచి సూచన” అన్న ఒక్క వాక్యంతో ఆ కలవరం పోతుంది, పరీక్షా సులువవుతుంది.

మందుల విషయం మాత్రం తొందరగా దాటేసేది కాదు. దీన్ని ఒక ఉదాహరణతో చూస్తే బాగా తెలుస్తుంది. అరవై ఏడేళ్ల రైతు ఒకాయన ఉన్నాడనుకుందాం. కుడికంటికి గురువారం ఉదయం ఆపరేషన్. ఆయనకు పదేళ్లుగా సుగర్ ఉంది, బీపీ ఉంది. మూడేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు, అప్పటి నుంచి రక్తం పల్చబరిచే మాత్ర వేసుకుంటున్నాడు. బీడీ అలవాటు వల్ల తెల్లవారుజామున దగ్గొస్తుంది. మూత్రం ధార సన్నబడిందని రాత్రిపూట ఒక మాత్ర కూడా మింగుతాడు. కంటి డాక్టర్ “ఏవైనా మందులు వాడుతున్నారా?” అని అడిగితే ఆయన సుగర్, బీపీ మాత్రలు మాత్రమే చెబుతాడు. మూత్రం మాత్రకూ కంటికీ సంబంధం ఏముంటుందని ఆయన ఉద్దేశం. చెప్పడానికి కాస్త మొహమాటం కూడా.

ఆ చెప్పని మాత్రే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైంది. ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బినప్పుడు ఎక్కువగా ఇచ్చే మందు టామ్సులోసిన్. అది మూత్రనాళం దగ్గరి కండరాన్ని వదులు చేసినట్టే, కంటిలో ఐరిస్ అనే రంగు పొరలోని కండరాన్నీ వదులు చేస్తుంది. ఆపరేషన్‌లో కంటిపాప బాగా విప్పారి నిలిచి ఉండాలి. ఈ మందు వాడినవారిలో అది మధ్యలోనే ముడుచుకుపోతుంది, ఐరిస్ మెత్తబడి అలలా ఊగుతుంది, కోతలోంచి బయటికి జారుతుంది. ఈ సంగతి 2005లో వెలుగులోకి వచ్చింది. మందు ఆపేసినా ఈ ప్రభావం పూర్తిగా పోదు, ఎప్పుడో మానేసినవారిలో కూడా కనిపించవచ్చు. అయితే ముందుగా తెలిస్తే సర్జన్ దగ్గర ఉపాయాలున్నాయి. కంటిపాపను విప్పి ఉంచే మందు వాడతారు, సన్నని కొక్కేలో రింగో సిద్ధంగా పెట్టుకుంటారు. తెలియకపోవడమే చిక్కు. కాబట్టి స్క్రిప్టు “మందులన్నీ చెప్పండి” అని వదిలేయకూడదు. “మూత్రం సాఫీగా రావడానికి మాత్ర వేసుకుంటున్నారా? ఎప్పుడైనా వేసుకున్నారా? అది కంటి డాక్టర్‌కు తప్పక చెప్పండి. దానివల్ల ఆపరేషన్ ఆగిపోదు, డాక్టర్ ముందే జాగ్రత్త పడతారు” అని విడమరిచి అడగాలి. ఇంకా మంచి పద్ధతి, “ఇంట్లో ఉన్న మాత్రల పొట్లాలన్నీ ఒక సంచిలో వేసుకుని తెచ్చేయండి” అనడం. పేర్లు గుర్తుంచుకోవాల్సిన అవసరం ఉండదు, దాచాల్సిన పనీ ఉండదు.

స్టెంటు మాత్ర దగ్గర తప్పు ఇంకో దిక్కుగా జరుగుతుంది. ఆపరేషన్ అంటే రక్తం కారుతుంది, రక్తం పల్చబరిచే మాత్ర ఆపేయాలి అని పక్కింటివాళ్లు సలహా ఇస్తారు. మనిషి వారం ముందే తనంతట తాను ఆపేస్తాడు. శుక్లం ఆపరేషన్‌లో కోత పడేచోట రక్తనాళాలు ఉండనే ఉండవు, లేదా చాలా తక్కువ. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి చాలామందికి ఆపకుండానే ఆపరేషన్ చేస్తారు. ఆపేస్తే గుండెలోని స్టెంటు మూసుకుపోయే ముప్పు కంటికి రాబోయే చిన్న రక్తపు చారకన్నా ఎంతో పెద్దది. వార్‌ఫరిన్ వాడేవారికి మాత్రం రక్తపరీక్ష చేసి చూస్తారు. స్క్రిప్టులో ఉండాల్సిన మాట ఒక్కటే: “డాక్టర్ ఆపమంటేనే ఆపండి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి.”

సుగర్ సంగతికొస్తే, మన రైతుకు ఆపరేషన్ తేదీ ఇచ్చేటప్పుడు “సుగర్ కంట్రోల్లో ఉంటేనే చేస్తాం” అన్నారు. ఇంటికెళ్లాక ఆయనకు అదే గుబులు. బుధవారం రాత్రి అన్నం మానేసి, మాత్ర రెండింతలు వేసుకుంటే గురువారానికి సుగర్ తక్కువ చూపిస్తుందని లెక్కవేస్తాడు. ఇలా చేసేవాళ్లు కొందరున్నారు. గురువారం పొద్దున్న హాల్లో కూర్చున్నప్పుడు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే అది సుగర్ పడిపోయిన లక్షణం. ఆ రోజు ఆపరేషన్ జరగదు సరికదా ప్రాణానికే ప్రమాదం. సుగర్‌ను ఒక్క రాత్రిలో దించడం కుదరదు, వారాల ముందు నుంచే అదుపులో పెట్టుకోవాలి. అందుకే తేదీ కాస్త ముందుగా ఇస్తారు. ఆపరేషన్ రోజు సుగర్ ఎక్కువుంటే వాయిదా వేస్తారు, అంతే. వాయిదా పడటం తప్పు చేసినట్టు కాదని స్క్రిప్టు చెబితే మనుషులు ఇలాంటి సాహసాలు మానుకుంటారు.

ఉపవాసం గురించి రాసేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ తేట ఉండాలి. పూర్తి మత్తు ఇచ్చే ఆపరేషన్లకు ఆరుగంటల ముందు నుంచి తిండి, రెండుగంటల ముందు నుంచి నీళ్లు మానేయాలన్నది మామూలు నియమం. కడుపులోని పదార్థం మత్తులో వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకూడదని దాని ఉద్దేశం. కంటికి మాత్రమే తిమ్మిరి ఇచ్చే శుక్లం ఆపరేషన్లో ఆ ప్రమాదం దాదాపు లేదు. అందుకే చాలా ఆస్పత్రులు తేలిక టిఫిన్ తిని రమ్మంటాయి, కొన్ని మాత్రం వద్దంటాయి. ఏ ఆస్పత్రి వీడియోలో ఆ ఆస్పత్రి నియమమే ఉండాలి, గంటల లెక్కలో కాకుండా గడియారం మీద కనిపించే సమయంతో ఉండాలి. మన రైతు విషయంలో అది ఇలా ఉండొచ్చు: “గురువారం పొద్దున్న ఆరున్నరకు రెండు ఇడ్లీలు తినండి. బీపీ మాత్ర, సుగర్ మాత్ర రోజూ వేసుకున్నట్టే వేసుకోండి. స్టెంటు మాత్ర ఆపకండి.” టిఫిన్ వద్దన్న ఆస్పత్రిలో సుగర్ మాత్ర, ఇన్సులిన్ కూడా ఆ పూట ఆపాల్సి రావచ్చు. తిండి లేకుండా ఇన్సులిన్ వేసుకోవడం ప్రమాదమన్న మాట అక్కడ తప్పనిసరిగా చెప్పాలి. బీపీ మాత్ర మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకోమనే చెబుతారు. థియేటర్ దగ్గర బీపీ పెరగడం వాయిదాకు తరచూ కారణం.

ఆయన దగ్గును కూడా లెక్కలోకి తీసుకోవాలి. దగ్గు అప్పటికప్పుడు ఆపుకునేది కాదు గనుక పది రోజుల ముందే డాక్టర్‌కు చెప్పి మందు వాడటం, బీడీ మానడం అవసరం. దానితోపాటు వెల్లకిలా పడుకునే సాధన ఒకటి చేయించవచ్చు. ఆపరేషన్ బల్లమీద దిండు పల్చగా ఉంటుంది, ముఖం మీద గుడ్డ కప్పుతారు. ఇంటి దగ్గర రోజూ ఒకసారి పల్చటి దిండుతో అరగంట కదలకుండా వెల్లకిలా పడుకుని చూస్తే ఎక్కడ ఇబ్బందో తెలిసిపోతుంది. నడుం పట్టేస్తోందా, ఆయాసం వస్తోందా, దగ్గు తెరలు తెరలుగా వస్తోందా? ఆయాసం వల్ల పడుకోలేకపోతే అది గుండెదో ఊపిరితిత్తులదో కావచ్చు, ముందే చూపించుకోవాలి. ఇంటి సాధనలో బయటపడితే తీరిగ్గా సరిచేయొచ్చు. బల్లమీద బయటపడితే ఆపరేషన్ ఆపాల్సి వస్తుంది.

శుభ్రత గురించి చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పట్టడం అరుదైన విషయం. మంచి జాగ్రత్తలున్నచోట వెయ్యి మందిలో ఒకరికి కూడా రాదు, వస్తే మాత్రం చూపు పోవచ్చు. ఆ క్రిములు ఎక్కువగా రోగి సొంత రెప్పల మీదివీ, వెంట్రుకల మొదళ్లవీ. అందుకే ఆపరేషన్ రోజు తలస్నానం చేసి, ముఖం సబ్బుతో కడుక్కుని రమ్మంటారు. ఆ తర్వాత కొన్నాళ్లు తల తడవకూడదు కాబట్టి కూడా ముందే స్నానం మంచిది. కాటుక, కళ్లకు రాసుకునే ఆముదం, ముఖానికి పౌడరు, నుదుట కుంకుమ ఆ పూటకు వద్దు. తలకు నూనె పెట్టకూడదు. రెండుమూడు రోజుల ముందు నుంచి చుక్కల మందు రాస్తే అది వేసుకోవాలి. ఆకుపసర్లు, చనుబాలు, తేనె కంటిలో వేసే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. అవి వద్దని స్క్రిప్టు పేరు పెట్టి చెప్పాలి, లేకపోతే ఆపరేషన్ ముందూ వెనకా కూడా వేస్తారు. థియేటర్లో కోతకు ముందు కంటిలో అయోడిన్ మందు వేసి కొన్ని నిమిషాలు ఉంచుతారు. క్రిములను చంపడంలో దానికి సాటి లేదు.

ఇక ఆపరేషన్ ఉదయం. స్క్రిప్టులో ఈ భాగం రోగి నడిచే దారిలోనే నడవాలి. ఏ గది తర్వాత ఏ గదో అదే వరసలో చెప్పాలి. మెట్టు మెట్టుకీ ఒకరు వచ్చి “మీ పేరేంటి? ఏ కన్ను?” అని అడుగుతారు. రిజిస్ట్రేషన్ దగ్గర అడుగుతారు, చుక్కలు వేసే నర్సు అడుగుతుంది, ఇంజెక్షన్ ఇచ్చే డాక్టర్ అడుగుతారు, బల్లమీద సర్జన్ అడుగుతారు. ముందే చెప్పకపోతే రోగికి గుబులు పుడుతుంది. ఏ కన్నో వీళ్లకే తెలియదా, నా కాగితాలు కలిసిపోయాయా అనిపిస్తుంది. పొరపాటు జరగకుండా ప్రతి చేతి దగ్గరా మళ్లీ సరిచూసుకోవడం దాని ఉద్దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ గదుల కోసం తెచ్చిన భద్రతా జాబితాలో ఇదో ముఖ్యభాగం. స్క్రిప్టు ఇలా చెప్పొచ్చు: “మిమ్మల్ని నలుగురైదుగురు అదే ప్రశ్న అడుగుతారు. విసుక్కోకుండా ప్రతిసారీ మీ పేరు చెప్పి, ఏ కన్నో చేత్తో చూపించండి. ఆపరేషన్ చేసే కంటి పైన, నుదుటి మీద గుర్తు పెడతారు. గుర్తు తప్పు కంటి మీద ఉందనిపిస్తే వెంటనే ఆపి చెప్పండి.” రోగికి ఈ చివరి మాట అనే హక్కు ఇవ్వడం చాలా అవసరం. పెద్దవయసు వాళ్లు డాక్టర్‌ను సరిదిద్దడం తప్పనుకుని ఊరుకుంటారు.

సంతకం పెట్టే కాగితం కూడా ఈ దశలోనే వస్తుంది. అందులో రాసిన ఇబ్బందులు చదివి భయపడేవాళ్లూ ఉన్నారు, చదవకుండా వేలిముద్ర వేసేవాళ్లూ ఉన్నారు. ఏ లెన్సు పెడుతున్నారో, దూరపు చూపుకే అయితే దగ్గరి పనికి కళ్లజోడు అవసరమవుతుందో లేదో సంతకానికి ముందే అడిగి తెలుసుకోవాలని స్క్రిప్టు గుర్తుచేయాలి. మామూలు లెన్సుతో దూరం బాగా కనిపిస్తుంది, పేపరు చదవాలన్నా సూదిలో దారం ఎక్కించాలన్నా కళ్లజోడు కావాలి. ఈ ముక్క ముందు చెప్పకపోవడం వల్లే “ఆపరేషన్ సరిగా కాలేదు” అన్న ఫిర్యాదులు చాలా వస్తుంటాయి.

ఆ తర్వాత కంటిపాప విప్పారడానికి పది పదిహేను నిమిషాలకోసారి చుక్కలు వేస్తారు. కొంచెం మంటగా ఉంటుంది, మసకగా కనిపిస్తుంది. థియేటర్లోకి వెళ్లే ముందు మూత్రానికి వెళ్లి రావాలి. లోపల చల్లగా ఉంటుంది. ఇక బల్లమీది పావుగంటను స్క్రిప్టు ఇలా వివరించవచ్చు:

“మీ ముఖం మీద శుభ్రమైన గుడ్డ కప్పుతారు. ఆపరేషన్ చేసే కన్ను ఒక్కటే బయటికి ఉంటుంది. గుడ్డ కింద గాలి ఆడుతూనే ఉంటుంది, ఊపిరికి ఇబ్బంది ఉండదు. రెప్ప మూసుకుపోతుందేమోనని కంగారు పడకండి, దాన్ని చిన్న క్లిప్పు తెరిచి ఉంచుతుంది. కన్ను తెరిచి ఉంచడానికి మీరేమీ చేయక్కర్లేదు. ఎదురుగా పెద్ద వెలుగు కనిపిస్తుంది, రంగులు కదిలినట్టు ఉండొచ్చు. కంటిమీద నీళ్లు పోస్తారు, అవి చెవి దాకా జారొచ్చు. అది రక్తం కాదు. మిషను చప్పుడు వినిపిస్తుంది. ఎవరో తాకినట్టు, నొక్కినట్టు తెలియొచ్చు. నొప్పిగా ఉంటే నోటితో చెప్పండి, మళ్లీ మందు వేస్తారు. చేయి మాత్రం ముఖం దగ్గరకు తేకండి. దగ్గొచ్చేలా ఉన్నా, తుమ్మొచ్చేలా ఉన్నా ముందే ‘డాక్టర్‌గారూ, దగ్గొస్తోంది’ అనండి. ఆయన చేతులు వెనక్కి తీసుకుంటారు, మీరు హాయిగా దగ్గండి.”

“హాయిగా దగ్గండి” అన్న మాట చిన్నదే గానీ పనిచేసే మాట. దగ్గు ఆపుకోవాలని తంటాలు పడేవాళ్లకే అది తన్నుకొస్తుంది. దగ్గడానికి అనుమతి ఉందని తెలిసినవాళ్లకు చాలాసార్లు రాదు. చెవి మిషను పెట్టుకునేవాళ్లు ఆపరేషన్ జరగని వైపు చెవికి దాన్ని ఉంచుకోవచ్చా అని అడిగి తెలుసుకోవాలి. డాక్టర్ మాట వినపడకపోతే సహకరించడం కష్టం. అవసరమైతే నర్సు చేయి పట్టుకుని ఉంటుంది, మాట రాని సమయంలో చేతిని నొక్కి సంకేతం ఇవ్వొచ్చు.

ఇంటికి వెళ్లాక చేయాల్సినవన్నీ ఈ వీడియోలో కుక్కకూడదు. ఆపరేషన్‌కు ముందే ఏర్పాటు చేసుకోవాల్సినవి మాత్రం ఉండాలి. కన్ను కప్పి ఉంటుంది కాబట్టి వెంట ఒకరు రావాలి, బండి నడపకూడదు. నాలుగు నుంచి ఆరు వారాలు చుక్కల మందు వేయాలి, మొదట్లో రోజుకు చాలాసార్లు. వేసేదెవరో ఇంట్లో ముందే అనుకోవాలి. మన రైతు ఇంట్లో కోడలు వేస్తానంది. ఆమె కూడా వీడియో చూడాలి, కన్నీటి చుక్కల సీసాతో ఒకసారి వేసి చూపించాలి. సీసా మూతి రెప్పకు తగలకూడదు, రెండు మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. వరికోతలూ, దుమ్ము లేచే పనులూ దగ్గర్లో ఉంటే తేదీనే మార్చుకోవడం నయం. కట్టెల పొయ్యి పొగకు కూడా దూరంగా ఉండాలి.

ఒక హెచ్చరిక మాత్రం వెళ్లేముందు రెండుసార్లు వినిపించాలి. కొంచెం గరగర, నీరు కారడం, వెలుతురు గుచ్చుకోవడం మొదటి రోజుల్లో మామూలే. కానీ నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వచ్చిన చూపు మళ్లీ తగ్గుతున్నా, ఎరుపు ఎక్కువవుతున్నా, పుసి పడుతున్నా మరుసటి పరీక్ష తేదీ దాకా ఆగకూడదు. లోపల చీము పట్టడం ఎక్కువగా మొదటి వారంలోనే మొదలవుతుంది, గంటలు కూడా విలువైనవే. రాత్రయినా ఫోన్ చేయాల్సిన నంబరును వీడియోలో నిదానంగా రెండుసార్లు చదవాలి, పెద్ద అంకెలతో చీటీ మీదా ఇవ్వాలి. ఆ నంబరుకు రాత్రిపూట నిజంగా ఎవరైనా పలుకుతారో లేదో స్క్రిప్టు రాసేవారే ఒకసారి చేసి చూడాలి.

వీడియో అయ్యాక “అర్థమైందా?” అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. దానివల్ల ఏమీ తేలదు. నర్సు పక్కన కూర్చుని “పెద్దాయనా, గురువారం పొద్దున్న ఏ మాత్రలు వేసుకుంటారో నాకు చెప్పండి. దగ్గొస్తే ఏమంటారు? ఇంటికెళ్లాక కన్ను నొప్పి పెరిగితే ఏం చేస్తారు?” అని అడగాలి. ఆయన “సుగర్ మాత్ర మానేస్తానమ్మా, ఆపరేషన్ కదా” అన్నాడనుకుంటే లోపం ఆయనలో లేదు, స్క్రిప్టులో ఆ వాక్యం గట్టిగా పడలేదు. అదే జవాబు మరో ఇద్దరు ముగ్గురు కూడా చెబితే ఆ వాక్యాన్ని తిరగరాసి మళ్లీ రికార్డు చేయాలి.